ప్రహరీ గోడ ఎక్స్‌పాన్షన్ జాయింట్లు: ఫిల్లర్ బోర్డు, సీలెంట్ లెక్క

పొడవాటి గోడ ఎండకు సాగి, చలికి కుంచించుకుపోతుంది. ఆ కదలికకు చోటివ్వడానికి గోడను పైనుంచి కిందివరకు నిలువునా విడదీసి కావాలనే వదిలే సందే ఎక్స్‌పాన్షన్ జాయింట్. సందును ఖాళీగా వదిలితే మట్టి, రాళ్లు, సిమెంటు మాలు చేరి గట్టిపడతాయి. అప్పుడది జాయింటు పని చేయదు. అందుకే లోపల నొక్కితే నలిగి, వదిలితే మళ్లీ ఉబ్బే ఫిల్లర్ బోర్డును నింపుతారు. బోర్డులోకి వాన నీరు దిగకుండా బయటి అంచున రబ్బరులా సాగే సీలెంట్ వేస్తారు. బోర్డును చదరపు మీటర్లలోనూ, సీలెంటును లీటర్లలోనూ లెక్కిస్తారు. రెండూ చిన్న లెక్కలే అయినా సైటులో తరచూ తప్పుతాయి. నక్షా మీది కొలతకూ, షాపులో దొరికే షీటు కొలతకూ, నిజంగా సందు ఉన్న వెడల్పుకూ పొంతన చూడకపోవడమే అందుకు కారణం.

ఈ వ్యాసం ప్రధానంగా ప్రహరీ గోడ గురించే. పెద్ద ఫ్లోరు స్లాబుకు అదే లెక్క ఎక్కడ మారుతుందో చివర్లో చూద్దాం.

జాయింటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది

స్తంభాలు, ప్లింత్ బీమ్, మధ్యలో ఇటుక లేదా బ్లాకు కట్టడం, పైన కోపింగ్ ఉన్న ప్రహరీలో జాయింటు దగ్గర ఒక స్తంభానికి బదులు పక్కపక్కనే రెండు స్తంభాలు వస్తాయి. ఈ జంట స్తంభాల మధ్య సందే జాయింటు. రెంటికీ కింద పునాది ఒకటే ఉండవచ్చు. నేల లోపల ఉష్ణోగ్రత అంతగా మారదు కాబట్టి పునాదిని విడదీయనక్కర్లేదు. పునాదిపై నుంచి మాత్రం ప్లింత్ బీమ్, గోడ, ప్లాస్టరింగ్, కోపింగ్ అన్నీ తెగాలి. గోడ తెగి కోపింగ్ తెగకపోతే కొన్నాళ్లకు సరిగ్గా ఆ చోటే కోపింగ్ బీటవారుతుంది. సైటులో జాయింటు నిజంగా ఉందా అని చూడాలంటే ముందుగా కోపింగ్ పైన చూడడం మేలు.

ఎస్టిమేటులో ఫిల్లర్ బోర్డు రాసి, ఆ జాయింటు వల్ల అదనంగా వచ్చే స్తంభాన్ని మరిచిపోతుంటారు. నిజానికి జాయింటు ఖర్చులో ఆ స్తంభం కాంక్రీటు, ఇనుము, సెంట్రింగుదే పెద్ద వాటా. బోర్డు, సీలెంటు ఆ తర్వాతే.

ఎన్ని జాయింట్లు

జాయింట్ల మధ్య దూరం డిజైనరు నిర్ణయిస్తాడు. 45 మీటర్ల కంటే పొడవైన కట్టడాలకు ఎక్స్‌పాన్షన్ జాయింట్లు ఉండాలని ఐఎస్ 456 చెబుతుంది. కానీ అది భవనాన్ని దృష్టిలో పెట్టుకున్న హద్దు. రెండు ముఖాలూ ఎండకు మాడే సన్నని ప్రహరీకి అంత దూరం చాలా ఎక్కువ. భవనాల జాయింట్ల కోసం ఐఎస్ 3414 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. ఇక్కడి ఉదాహరణకు 12 మీటర్ల దూరం తీసుకుందాం. 3 మీటర్లకో స్తంభం చొప్పున నాలుగు గదులకు ఒక జాయింటు అన్నమాట.

స్థలం 150 మీటర్ల పొడవు, 90 మీటర్ల వెడల్పు. చుట్టుకొలత 480 మీటర్లు. ఒక వైపు 6 మీటర్ల గేటు ఉంది. కట్టే గోడ 474 మీటర్లు. 474ను 12తో భాగిస్తే 39.5 వస్తుంది, అంటే గోడ 40 ముక్కలవ్వాలి. జాయింట్లు 40 కావు, 39. గేటు దగ్గర గోడ ఎలాగూ తెగింది కాబట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా 40 ముక్కల మధ్య 39 సందులే ఉంటాయి. గేటు లేకుండా గోడ గుండ్రంగా మూసుకుంటే మాత్రం ముక్కలెన్నో జాయింట్లూ అన్నే.

మూలల దగ్గర లెక్కకు మించి జాగ్రత్త కావాలి. రెండు గోడలూ సాగి మూల మీదికే తోస్తాయి. మూలకు ఇటు పన్నెండు, అటు పన్నెండు మీటర్లు జాయింటు లేకుండా వదిలితే ముందు పగిలేది మూలే. ఎల్ ఆకారపు మూల ముక్క రెండు చేతులూ కలిపి 12 మీటర్లకు మించకుండా జాయింట్లను జరపాలి. జరిపాక ఒకటో రెండో జాయింట్లు పెరగవచ్చు. నక్షా మీద గుర్తు పెట్టి లెక్కపెట్టడం తప్ప దీనికి అడ్డదారి లేదు. మన ఉదాహరణలో 39తోనే సరిపోయిందనుకుందాం.

సందు వెడల్పు 20 మి.మీ. ఎందుకు

కాంక్రీటు ఎంత సాగుతుందన్నది అందులోని కంకర రాయిని బట్టి ఉంటుంది. ఐఎస్ 456 ప్రకారం గ్రానైటు కంకర కాంక్రీటు డిగ్రీకి 0.7 నుంచి 0.95, బసాల్టుదైతే 0.8 నుంచి 0.95, క్వార్ట్‌జైటుదైతే 1.2 నుంచి 1.3 చొప్పున లక్షవ వంతులు సాగుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల వాడేది గ్రానైటు కంకరే కాబట్టి 0.95 తీసుకుందాం. చలికాలం తెల్లవారుజామున గోడ 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలు అనుకుంటే తేడా 45. గాలి ఉష్ణోగ్రత 45 దాటకపోయినా ఎండ తగిలే గోడ అంతకంటే వేడెక్కుతుంది. 12 మీటర్ల ముక్కకు 12,000 మి.మీ. × 45 × 0.0000095 అంటే సుమారు 5 మి.మీ. కదలిక.

సందు 5 మి.మీ. ఉంటే చాలదా అంటే చాలదు. సీలెంటు తన వెడల్పులో కొంత శాతమే సాగగలదు. పాలీసల్ఫైడ్, పాలీయురెథేన్ రకాల్లో మామూలుగా దొరికేవి అటూ ఇటూ 25 శాతం వరకు తట్టుకుంటాయి. 5 మి.మీ. కదలిక 25 శాతానికి సమానం కావాలంటే సందు 20 మి.మీ. ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం, సందు బాగా ఇరుకైనప్పుడు సీలెంటు వేస్తే చలికాలంలో ఆ 5 మి.మీ. మొత్తం సాగుడుగానే వస్తుంది. ఆ పరిస్థితికి 20 మి.మీ. సరిగ్గా సరిపోతుంది. ఎండ, చలి అతిగా లేని రోజుల్లో వేస్తే సాగుడు సగం, నలుగుడు సగం అయి సీలెంటుకు ఊపిరి దొరుకుతుంది.

ఇందులో ఇంకో కదలిక కూడా ఉంది. కాంక్రీటు ఆరుతూ శాశ్వతంగా కుంచించుకుపోతుంది. ఐఎస్ 456 డిజైనుకు సూచించే 0.0003 వంతు తీసుకుంటే 12 మీటర్లకు 3.6 మి.మీ. అది సందును తెరిచే దిశలోనే పోతుంది. అంటే పోతపోసిన నాటి 20 మి.మీ. సందు కొన్ని నెలలకు 22, 23 మి.మీ. కావచ్చు. అందుకే సీలెంటును ఎంత ఆలస్యంగా వేస్తే అంత మంచిది. గోడ కట్టిన వారంలోనే వేయించే తొందర పనికిరాదు.

బోర్డు లెక్క

తారు పట్టించిన ఫైబర్ బోర్డుకు ఐఎస్ 1838 ప్రమాణం. నురుగులా తేలికగా ఉండే పాలీఇథిలీన్ బోర్డులు కూడా ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. థర్మాకోల్ ముక్కలు పెట్టడం మాత్రం తప్పు. ఒకసారి నలిగాక అవి తిరిగి పూర్తిగా ఉబ్బవు; సందు తెరుచుకున్నప్పుడు లోపల బోలు మిగులుతుంది. తారు ఫైబర్ బోర్డు సగానికి నొక్కి వదిలాక మొదటి మందంలో కనీసం 70 శాతానికి తిరిగి రావాలని అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి1751 అడుగుతుంది. థర్మాకోలుకూ దీనికీ ఉన్న తేడా అదే.

మన గోడలో స్తంభాలు 230 మి.మీ. చదరం. నేలపైన గోడ కోపింగ్‌తో కలిపి 2.4 మీటర్లు, పునాదిపై నుంచి నేలదాకా 0.9 మీటరు. జాయింటు మొత్తం ఎత్తు 3.3 మీటర్లు. పైపైన లెక్కిస్తే ఒక్కో జాయింటుకు 0.23 × 3.3, అంటే 0.759 చదరపు మీటరు, 39 జాయింట్లకు 29.6 చదరపు మీటర్లు. కానీ బోర్డు అంచుదాకా రాదు. రెండు ముఖాల్లోనూ, కోపింగ్ పైనా 35 మి.మీ. గాడి వదలాలి. అందులో 10 మి.మీ. సీలెంటుకు, 25 మి.మీ. దాని వెనక కూర్చునే నురుగు తాడుకు. ఆ తాడునే సైటులో బ్యాకర్ రాడ్ అంటారు. కాబట్టి నేలపైన బోర్డు వెడల్పు 230 లోంచి 70 తీసేసి 160 మి.మీ. నేలలోపల సీలెంటు అక్కర్లేదు కాబట్టి అక్కడ నిండుగా 230 మి.మీ.

షాపులో షీటు 2.44 × 1.22 మీటర్లదనుకుందాం. పై పట్టీని అతుకు లేకుండా 2.44 మీటర్ల నిలువు పొడవుతోనే పెడితే, అది నేలకు 75 మి.మీ. కిందిదాకా వస్తుంది. మిగిలిన 0.825 మీటరు కింది ముక్క. ఒక్కో జాయింటుకు పై పట్టీ 0.390, కింది ముక్క 0.190, మొత్తం 0.58 చదరపు మీటరు. 39 జాయింట్లకు 22.6 చదరపు మీటర్లు.

ఈ 22.6 మీద 5 శాతం వేస్టేజీ కలిపి 8 షీట్లు తెప్పిస్తే పని మధ్యలో ఆగుతుంది. కారణం కోతలో ఉంది. 1.22 మీటర్ల వెడల్పులో 160 మి.మీ. పట్టీలు ఏడే వస్తాయి. 39 పట్టీలకు 6 షీట్లు కావాలి. కింది ముక్కలకు వెడల్పులో 230 మి.మీ. పట్టీలు అయిదు వస్తాయి. పొడవులో 825 మి.మీ. ముక్కలు మూడు వస్తాయనుకుంటాం కానీ మూడింటికి 2.475 మీటర్లు కావాలి. షీటు 35 మి.మీ. తక్కువ పడి రెండే వస్తాయి. షీటుకు 10 ముక్కల చొప్పున 39కి 4 షీట్లు. మొత్తం 10 షీట్లు, అంటే 29.8 చదరపు మీటర్లు కొనాలి. గోడలోకి వెళ్లేది 22.6. తేడా సుమారు 32 శాతం.

కోత ముందే కాగితం మీద గీసుకుంటే దీన్ని కొంత తగ్గించవచ్చు. అడుగున 35 మి.మీ. ముక్కను టేపుతో అతికించడానికి ఒప్పుకుంటే కింది ముక్కలు షీటుకు 15 వచ్చి ఒక షీటు మిగులుతుంది. పునాది దగ్గర కదలిక తక్కువ కాబట్టి అక్కడ ఆ అతుకు ఫరవాలేదు. పై భాగంలో అతుకులు పెట్టడం మంచిది కాదు. అతుకు సందులోకి కాంక్రీటు పాలు దిగి గట్టిపడితే అదే రెండు స్తంభాలనూ కలిపే మేకు అవుతుంది.

బోర్డు మందం సందు వెడల్పుకు సమానంగా, 20 మి.మీ. ఉండాలి. 20 దొరక్క 10 మి.మీ. బోర్డులు రెండు జతచేస్తే షీట్ల సంఖ్య రెట్టింపు. ఆర్డరు పెట్టేటప్పుడు ఈ ఒక్క మాట అడగనందుకే సగం సరుకు వచ్చిన సందర్భాలు ఉంటాయి.

సీలెంటు లెక్క

దీనికి గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే: వెడల్పు మి.మీ.లలో, లోతు మి.మీ.లలో గుణిస్తే మీటరు పొడవుకు ఎన్ని మిల్లీలీటర్లో అదే వస్తుంది. 20 వెడల్పు, 10 లోతు అయితే మీటరుకు 200 మిల్లీలీటర్లు. లోతు వెడల్పులో సగం ఉండడం మామూలు పద్ధతి. లోతు ఎక్కువైతే సీలెంటు బలపడదు సరికదా, సాగడానికి మొరాయించి అంచుల నుంచి ఊడిపోతుంది.

ఒక జాయింటుకు రెండు ముఖాల్లో 2.475 మీటర్ల చొప్పున 4.95, కోపింగ్ పైన 0.23, మొత్తం 5.18 మీటర్లు. 39 జాయింట్లకు 202 మీటర్లు. మీటరుకు 200 మిల్లీలీటర్ల చొప్పున 40.4 లీటర్లు. గన్నులో, మూతిలో, కత్తితో చదును చేసేటప్పుడు పోయేదానికి 10 శాతం కలిపితే 44.4 లీటర్లు. 600 మిల్లీలీటర్ల సాసేజ్ ప్యాకులైతే 75. ఒక ప్యాకు సుమారు మూడు మీటర్లు వస్తుందన్నది సైటులో నోటికి వచ్చే లెక్క. అది 20 × 10 గాడికి మాత్రమే నిజం.

రెండు భాగాలు కలిపి వాడే పాలీసల్ఫైడ్‌ను కొన్నిచోట్ల కిలోల్లో అమ్ముతారు. అది నీటికంటే బరువు. లీటరు 1.6 కిలోలుంటే మనకు కావలసింది 71 కిలోలు. 44 లీటర్లు కావాలని 44 కిలోలు తెప్పిస్తే గోడలో మూడో వంతుకు పైగా సీలెంటు లేకుండా మిగులుతుంది. డబ్బా మీద సాంద్రత చదివి మార్చుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువగా లెక్క తప్పించేది వెడల్పు. సందు 20కి బదులు 25 మి.మీ. వచ్చిందనుకోండి. లోతు 12 అవుతుంది. మీటరుకు 300 మిల్లీలీటర్లు. 5 మి.మీ. తేడాకే సరుకు ఒకటిన్నర రెట్లు: 40.4 లీటర్లకు బదులు 60.6. కాంక్రీటు ఆరి సందు 22 అయినా, 22 × 11 అంటే 242 మిల్లీలీటర్లు, అయిదో వంతు అదనం. కాబట్టి సీలెంటు ఆర్డరును నక్షా చూసి పెట్టకూడదు. కొన్ని జాయింట్ల దగ్గర పైన, మధ్యలో, కింద సందును కొలిచి, సగటు తీసి, అప్పుడు లెక్కించాలి. బోర్డును నక్షా నుంచి, సీలెంటును గోడ నుంచి లెక్కించాలన్నది ఈ పనిలో నమ్మదగ్గ పద్ధతి.

వెనక తాడు సందుకంటే పాతిక శాతం లావు ఉండాలి. 20 మి.మీ. సందుకు 25 మి.మీ. తాడు. పొడవు 202 మీటర్లకు 5 శాతం కలిపి 212. దీన్ని మిగుల్చుకుందామని వదిలేస్తే రెండు విధాల నష్టం. లోతు అదుపు తప్పి 20 × 20 నిండితే సీలెంటు రెట్టింపు పోతుంది. పైగా సీలెంటు రెండు పక్కలతో పాటు వెనక బోర్డుకు కూడా అంటుకుంటుంది. మూడు వైపులా అంటిన సీలెంటు సాగలేక చిరుగుతుంది. తారు బోర్డుకు నేరుగా తగిలితే తారులోని నూనె కొన్ని రకాల సీలెంట్లను పాడుచేస్తుంది కూడా. తాడుకు చోటు లేని చోట బోర్డు మీద అంటుకోని టేపు అతికించి, దానిపై సీలెంటు వేస్తారు. ప్రైమరు పూసే విస్తీర్ణం 202 మీటర్ల పొడవున రెండు అంచులకు 10 మి.మీ. చొప్పున కేవలం 4 చదరపు మీటర్లు. అంత తక్కువని దాన్ని దాటవేయకూడదు. మాస్కింగ్ టేపు మాత్రం రెండు గీతలుగా 404 మీటర్లు పడుతుంది.

బిల్లులో

సీపీడబ్ల్యూడీ రేట్ల పట్టికలో ఫిల్లర్ బోర్డు యూనిట్ ఒక సెంటీమీటరు లోతుకు 100 మీటర్ల పొడవు. కొత్తగా చేరిన ఇంజినీరు దాన్ని చూసి కంగారు పడతాడు. నిజానికి 0.01 మీటరును 100 మీటర్లతో గుణిస్తే ఒక చదరపు మీటరే. మన గోడలో 16 సెం.మీ. లోతున 95.2 మీటర్లు, 23 సెం.మీ. లోతున 32.2 మీటర్లు; యూనిట్లు 15.2, 7.4. మొత్తం 22.6. పైన వచ్చిన అంకే. కొలతల పుస్తకంలో రాయాల్సిందీ ఇదే. కొన్న 29.8 కాదు, గాడి తీసెయ్యని 29.6 అసలే కాదు. కోతలో పోయేది రేటులోనే కలిసి ఉండాలి. ఐటం వివరణలో ప్రైమరు, సీలింగ్ కాంపౌండు ఖర్చు కలిసి ఉన్నాయేమో కూడా చదవాలి. కలిసి ఉంటే సీలెంటును విడిగా మళ్లీ రాయడం రెండుసార్లు చెల్లించడమే.

ఫ్లోరు స్లాబులో తేడా

నేల మీద పోసే పెద్ద ఫ్లోరుకు కప్పు నీడ ఉంటుంది. అక్కడ ఉష్ణోగ్రత అంతగా మారదు. కాంక్రీటు ప్రధానంగా కుంచించుకుపోతుంది. కాబట్టి మధ్యలో ఎక్స్‌పాన్షన్ జాయింట్లు వేయడం చాలా గోదాముల్లో అనవసరం, పైగా హాని. ఫోర్క్‌లిఫ్టు చక్రాలు మెత్తని సందు అంచులను విరగ్గొడతాయి. మధ్యలో కావలసింది రంపంతో కోసే జాయింట్లు. వాటిలో బోర్డు ఉండదు. బోర్డు కావలసింది గోడల వెంట, స్తంభాల చుట్టూ.

60 × 36 మీటర్ల గోదాములో 150 మి.మీ. ఫ్లోరు అనుకుందాం. గోడల వెంట 192 మీటర్లు. లోపల 8 స్తంభాల చుట్టూ 0.9 మీటరు భుజాల చదరాలు 28.8 మీటర్లు. మొత్తం 220.8. పైన 20 మి.మీ. సీలెంటు, టేపు కోసం వదిలితే బోర్డు లోతు 130 మి.మీ. షీటుకు తొమ్మిది పట్టీలు, 21.96 మీటర్లు. 10 షీట్లకు 1.2 మీటర్లు తక్కువ పడతాయి కాబట్టి 11 షీట్లు. సందు 12 మి.మీ., సీలెంటు లోతు 10 అయితే మీటరుకు 120 మిల్లీలీటర్లు, మొత్తం 26.5 లీటర్లు, వేస్టేజీతో 29.

చెడినప్పుడు ఏం చూడాలి

సీలెంటు ఒక అంచు నుంచి పొరలా ఊడివస్తే దుమ్ము, తడి, లేదా ప్రైమరు లేకపోవడం కారణం. మధ్యలో నిలువునా చిరిగితే సందు చాలనంత ఇరుకైనా కావాలి, లోతు ఎక్కువైనా కావాలి. ఊడినదానితో పాటు సిమెంటు పొర కూడా వస్తే సీలెంటు ప్లాస్టరింగుకు అంటుకుందన్నమాట. స్తంభపు కాంక్రీటుకే అంటేలా ప్లాస్టరును జాయింటుకు కొంచెం ఇవతలే ఆపాలి. జాయింటుకు పక్కన సమాంతరంగా గోడ బీటవారితే ఎక్కడో సందు మూసుకుపోయింది. ప్లాస్టరు దాటి వచ్చిందా, కోపింగ్ తెగలేదా, పైన వేసిన ఇనుప గ్రిల్లు రెండు ముక్కలనూ కలిపి బిగించిందా అన్నవి వెతకాలి. గట్టిపడ్డాక ఏదో ఒక చోట 50 మి.మీ. సీలెంటు కోసి తీసి చూస్తే లోతు, ఆకారం, అంటుకున్న తీరు మూడూ తెలుస్తాయి. ఆ చోటును అదే సీలెంటుతో పూడ్చవచ్చు.

గోడ ఉన్నన్నాళ్లూ ఒకే సీలెంటు ఉండదు. మార్చేటప్పుడు పాతదాన్ని, తాడును తీసేసి, అంచులు శుభ్రం చేసి కొత్తవి వేస్తారు. బాగున్న బోర్డును కదపరు. ఆ రోజు కొనాల్సిన సరుకును పాత బిల్లు చూసి కాక, అప్పటి సందు వెడల్పు కొలిచి లెక్కకట్టాలి.